గీత రాకపోతే శుభ్రమేనా?

గర్భ పరీక్షలోనూ కరోనా కిట్‌లోనూ అందరం చూసిన కాగితపు పట్టీయే ఇప్పుడు పొడుల ఫ్యాక్టరీల్లోకి కూడా వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎర్రనేలల్లో వానమీద ఆధారపడి పండే చెనిక్కాయ ఇంటింటి పొడిలోనూ ఉంటుంది, అమ్మకానికి చేసే పొడిలోనూ ఉంటుంది. చిన్న ఫ్యాక్టరీకి ఒక్కో పొడికి ఒక్కో పల్వరైజర్ కొనే స్తోమత ఉండదు. పొద్దున చెనిక్కాయల పొడి ఆడిన మిషన్‌లోనే మధ్యాహ్నం కందిపొడి ఆడతారు. చెనిక్కాయ అలర్జీ ఉన్నవాళ్ల కోసం కందిపొడిలో దాని జాడ చేరకూడదు కాబట్టి నడుమ శుభ్రం చేస్తారు, స్వాబ్‌తో ఒకచోట తుడుస్తారు, ఆ స్వాబ్‌ను ద్రావణంలో కలిపి స్ట్రిప్ ముంచుతారు. టెస్ట్ గీత రాలేదు, కంట్రోల్ గీత వచ్చింది, కాబట్టి శుభ్రం అని రిజిస్టర్‌లో రాస్తారు. సర్టిఫికేషన్ కోసం వచ్చిన ఆడిటర్ అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: గీత రాలేదు సరే, చెనిక్కాయ ఉండి ఉంటే వచ్చేదని ఎలా తెలుసు? అలర్జెన్ చేంజోవర్‌లో వ్యాలిడేషన్ అనేదంతా ఈ ప్రశ్నకు జవాబే. ఆ జవాబు స్ట్రిప్ పని చేసే తీరులోనే ఉంది.

ఆ పట్టీలో ఉన్న తెలివి చూడముచ్చటగా ఉంటుంది. కింది కొసను ముంచితే ద్రవం వత్తి పీల్చినట్టు పైకి పాకుతుంది. దారిలో మొదట బంగారం ఎదురవుతుంది. 40 నానోమీటర్ల లాంటి అతి చిన్న బంగారు రేణువులు పచ్చగా కాక కెంపురంగులో కనిపిస్తాయి. వాటి మీద చెనిక్కాయ ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు అంటించి ఉంటాయి. ద్రవంలో ఆ ప్రొటీన్ ఉంటే అది బంగారాన్ని వీపున మోసుకుంటూ ముందుకు సాగుతుంది. మధ్యలో ఒక సన్నని గీత వెంట, కదలకుండా బిగించిన మరో యాంటీబాడీల వరస కాచుకుని ఉంటుంది. అది అదే ప్రొటీన్‌ను ఇంకో వైపు నుంచి పట్టేస్తుంది. రెండు రొట్టెల మధ్య కూరలాగా ప్రొటీన్ ఇరుక్కుపోతుంది, బంగారం అక్కడే పోగుపడి ఎర్ర గీత కనిపిస్తుంది. ప్రొటీన్ లేకపోతే బంగారం ఆగకుండా దాటిపోయి పైనున్న కంట్రోల్ గీత దగ్గర చేరుతుంది. కంట్రోల్ గీత చెప్పేది ద్రవం పైదాకా పాకిందని, బంగారం కదిలిందని మాత్రమే. మీ పొడిలోని చెనిక్కాయను ఈ పట్టీ గుర్తుపట్టగలదన్న హామీ అందులో లేదు.

ఈ ఉపాయం వెనక ఒక అందమైన పోటీ ఉంది. న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ యాంటీబాడీకి తోడుగా రేడియోధార్మిక ఇన్సులిన్‌ను వాడి రక్తంలోని ఇన్సులిన్‌ను కొలవగలిగారు. ఆ పనికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే చనిపోయారు. రేడియోధార్మిక పదార్థంతో పని చేసే వీలు ఏ ల్యాబ్‌కు పడితే ఆ ల్యాబ్‌కు ఉండదు కదా. దాని స్థానంలో రంగు పుట్టించే ఎంజైమును పెట్టవచ్చన్న ఆలోచన 1971లో రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఫలించింది. స్టాక్‌హోంలో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ దానికి ఎలైజా అని పేరు పెట్టారు. నెదర్లాండ్స్‌లోని ఒక మందుల కంపెనీలో వాన్ వీమెన్, షూర్స్ గర్భిణుల మూత్రంలో ఉండే హార్మోన్‌ను అదే దారిలో కొలిచారు. ఆ హార్మోన్ పరీక్షే 1980ల చివరికి ఇంట్లో చేసుకునే స్ట్రిప్ అయింది, అక్కడి నుంచి ఆహార ఫ్యాక్టరీలకు పాకింది. గర్భ పరీక్షలో వెతికేది శరీరం తయారు చేసిన ఒక్క హార్మోన్‌ను. ఫ్యాక్టరీలో వెతికేది వేయించి, కారంతో కలిపి, దంచిన చెనిక్కాయను. ఈ తేడా వల్లే ఇబ్బందులు మొదలవుతాయి.

మొదటి ఇబ్బంది మురికి మరీ ఎక్కువైనప్పుడు వస్తుంది. స్వాబ్ మీద కాస్త చెనిక్కాయ ఉంటే గీత ఎర్రగా పడుతుంది. గుప్పెడు పొడి అంటుకుని ఉంటే ద్రవంలో ప్రొటీన్ పోటెత్తుతుంది. బంగారం మీది యాంటీబాడీలన్నీ ఒక్కొక్క ప్రొటీన్‌ను పట్టుకుని నిండిపోతాయి. ఇంకా మిగిలిన ప్రొటీన్లు బంగారంతో పని లేకుండా ముందే వెళ్లి గీత దగ్గరున్న యాంటీబాడీలను ఆక్రమిస్తాయి. వెనక వచ్చిన బంగారానికి నిలవడానికి చోటుండదు. గీత వెలిసిపోతుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. కంట్రోల్ గీత మాత్రం దర్జాగా వస్తుంది. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. బాగా మురికిగా ఉన్న మిషన్, బాగా శుభ్రంగా ఉన్న మిషన్ ఈ పట్టీ మీద ఒకేలా కనిపించగలవు. తెలుసుకునే దారి సులువే. అదే ద్రవాన్ని పదింతలు పలచన చేసి రెండో పట్టీ ముంచాలి. మొదటిదాని మీద లేని గీత రెండోదాని మీద వస్తే అది శుభ్రం కాదు, హుక్ ఎఫెక్టే. శుభ్రం చేశాక కూడా కంటికి పొడి కనిపిస్తున్న చోట స్వాబ్ వేయడమే తప్పు, ముందు మళ్లీ శుభ్రం చేయాలి.

రెండో ఇబ్బంది వేయించడంలో ఉంది. వేడికి ప్రొటీన్ రూపం మారుతుంది, ఒకదానికొకటి అంటుకుని ద్రవంలోకి దిగడం తగ్గుతుంది. పచ్చి చెనిక్కాయను బాగా పట్టే పట్టీ మాడేదాకా వేయించిన దాన్ని తక్కువగా చూపవచ్చు. అయినా అలర్జీ ఉన్నవాళ్లకు వేయించిన చెనిక్కాయ కూడా ప్రమాదమే. దానికి తోడు కారంలో, చింతపండులో ఉండే పదార్థాలు ప్రొటీన్‌ను పట్టి ఉంచుతాయి, ఎక్కువైన ఉప్పు, పులుపు యాంటీబాడీ పట్టును సడలిస్తాయి. యాంటీబాడీ పేరు చదవదు, ఆకారం మాత్రమే చూస్తుందనడానికి ఒక ఉదంతం చాలు. 2015లో బ్రిటన్‌లో జీలకర్ర పొడిలో బాదం ఉందని పరీక్ష చెబితే సరుకు వెనక్కి రప్పించారు. ప్రభుత్వ ల్యాబ్ లోతుగా చూస్తే అది బాదం కాదు, బాదానికి దగ్గరి చుట్టమైన మహాలెబ్ అనే చెర్రీ జాతి గింజ అని తేలింది. అక్కడ లేనిదాన్ని ఉందంది, మన మిషన్ దగ్గర ఉన్నదాన్ని లేదనవచ్చు. అందుకే స్ట్రిప్ తయారుచేసినవాళ్ల కాగితం చూపిస్తే సరిపోదు. మీ సొంత చెనిక్కాయల పొడినే కొలిచి, లెక్క తెలిసినంత కందిపొడిలో కలిపి, పట్టీ పట్టిందో లేదో చూపాలి. శుభ్రం చేయకముందు అదే మిషన్ మీద స్వాబ్ వేసి, అవసరమైనంత పలచన చేసి, గీత వచ్చిందని చూపాలి. ఆ తర్వాతే గీత రాకపోవడానికి అర్థం.

ఇక ఎక్కడ స్వాబ్ వేయాలన్నది. పొడి లైను నీళ్లతో కడిగితే తడి మిగిలి బూజు పడుతుంది కాబట్టి బ్రష్‌తో గీకి, వాక్యూమ్‌తో లాగి శుభ్రం చేస్తారు. గాలి గొట్టంతో ఊదితే మురికి పోదు, పక్క మిషన్ మీదకు ఎగిరి కూర్చుంటుంది. స్వాబ్ సులువుగా చేతికందే హాపర్ గోడ మీద కాదు, పల్వరైజర్ జల్లెడ వెనక, స్క్రూ కన్వేయర్ చివరి బేరింగ్ పక్కన, బ్లెండర్ తలుపు రబ్బరు కింద వేయాలి. ఒక లెక్క వేసుకుందాం. కన్వేయర్ మూలలో 50 గ్రాముల పొడి ఇరుక్కుందనుకుందాం. అందులో 60 శాతం చెనిక్కాయ అంటే 30 గ్రాములు, చెనిక్కాయలో నాలుగో వంతు ప్రొటీన్ కాబట్టి 7,500 మిల్లీగ్రాములు. తర్వాత 200 కిలోల కందిపొడి ఆడారు. అంతా సమంగా కలిస్తే 10 గ్రాముల కందిపొడిలో 0.4 మిల్లీగ్రాముల లోపే వస్తుంది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి కూర్చోబెట్టిన నిపుణులు వేరుశనగకు సూచించిన ప్రమాణ మోతాదు 2 మిల్లీగ్రాముల ప్రొటీన్, కాబట్టి భయం లేదనిపిస్తుంది. పొడి మాత్రం నీళ్లలో చక్కెరలా కలవదు. ఆ 50 గ్రాములూ మొదటి 5 కిలోలతోనే ఊడి వచ్చేస్తే అదే 10 గ్రాముల్లో 15 మిల్లీగ్రాములు, అంటే ప్రమాణానికి ఏడింతలకు మించి. సగటు తీస్తే దాక్కునే ప్రమాదం మొదటి 50 ప్యాకెట్లలో, ఒక్కొక్కటి 100 గ్రాముల చొప్పున, ఎవరి ఇంటికో వెళ్తుంది. కనుక శుభ్రం చేశాక ముందు ఉప్పు ఆడించి దాన్ని వేరుగా పెట్టాలి. ఎంత ఉప్పు కావాలన్నది అలవాటు తేల్చకూడదు. ఉప్పు మొదట్లో, మధ్యలో, చివర్లో నమూనాలు తీసి, తర్వాత మొదటి కందిపొడి ప్యాకెట్లను ల్యాబ్‌లో ఎలైజాతో కొలిచి తేల్చాలి. ఇదంతా ఒకసారి గట్టెక్కితే చాలదు, వరసగా కనీసం మూడుసార్లు అదే ఫలితం రావాలన్నది వాడుకలో ఉన్న పద్ధతి. అది వ్యాలిడేషన్. ఆ తర్వాత ప్రతి చేంజోవర్‌కూ కంటితో చూసి ఒకటి రెండు స్వాబ్‌లు వేయడం వెరిఫికేషన్. మొదటిది లేకుండా రెండోది ఎన్ని వందలసార్లు చేసినా నిలబడదు.

మన దగ్గర చెనిక్కాయ అలర్జీ ఎవరికుంది, ఇంత శ్రమ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ తక్కువగానే కనిపిస్తుందన్నది నిజమే. ఈ పొడి మాత్రం ఇక్కడే ఆగిపోదు. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లకు సూట్‌కేసుల్లోనూ కంటెయినర్లలోనూ వెళ్తుంది. అక్కడి బడిలో ఆ ఇళ్ల పిల్లల పక్కన కూర్చునే పిల్లలు కూడా దాన్ని రుచి చూస్తారు. ఉండవచ్చు అని లేబుల్ మీద రాసేస్తే సరిపోతుంది కదా అన్నది ఇంకో మాట. 2020 నాటి మన లేబులింగ్ నిబంధనల ప్రకారం వేరుశనగను కచ్చితంగా ప్రకటించాలి, కలిసే అవకాశం ఉంటే ఆ మాటా రాయవచ్చు. అది ఎంత శుభ్రం చేసినా మిగిలే ముప్పును చెప్పడానికే కానీ, శుభ్రం చేయకపోవడాన్ని కప్పిపుచ్చడానికి కాదు. అన్ని ప్యాకెట్ల మీదా అదే ఉంటే కొనేవాళ్లు దాన్ని చదవడం మానేస్తారు. స్ట్రిప్ ఖరీదు ఎక్కువ, ఏటీపీ మీటర్ చాలు అన్న వాదన కూడా వినిపిస్తుంది. ఏటీపీ మీటర్ జీవ పదార్థపు జాడను చూపుతుంది తప్ప అది చెనిక్కాయో కందిపప్పో చెప్పలేదు. కందిపొడి మిగిలినా మోగుతుంది, ఏటీపీ పెద్దగా లేని ప్రొటీన్ మిగిలితే మోగకపోవచ్చు. ఖర్చు తగ్గించే నిజమైన దారి వరస మార్చడం. కందిపొడి, కారప్పొడి ముందు ఆడి చెనిక్కాయల పొడిని వారం చివరికి నెడితే పెద్ద శుభ్రం వారానికి ఒక్కసారే.

ఒక చెనిక్కాయ పప్పు బరువు అరగ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. అందులో ప్రొటీన్ వంద మిల్లీగ్రాముల పైనే, అంటే ప్రమాణ మోతాదులు యాభైకి పైనే. అంత చిన్నదాని జాడ పట్టడానికి కంటికంటే పట్టీ మేలు, ఆ పట్టీ కంటే దాని వెనకున్న రుజువు మేలు. ఆడిటర్‌కు చూపాల్సింది గీత లేని వంద పట్టీల ఫొటోలు కావు. ఒకే పేజీలో రెండు ఫొటోలు: ఒకే బేరింగ్ పక్కన, ఒకే చేత్తో, శుభ్రం చేయకముందు ఎర్రగా పడిన గీత, చేశాక ఖాళీగా ఉన్న చోటు. మొదటి ఫొటో ఉన్నప్పుడే రెండోది సాక్ష్యం అవుతుంది.