చందా అందాక ఒక నిమిషం మాట

ఊరి గ్రంథాలయానికి అనుకున్న రెండు లక్షలూ పోగయ్యాయనుకోండి. దాతలకు వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్ నిమిషం దాటకపోతే మంచిది. మొత్తం అందిందని మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. లేకపోతే మళ్లీ చందా అడుగుతున్నారేమోనని కొందరు సగంలోనే ఆపేస్తారు. ఆ తర్వాత డబ్బు సంగతి: "మీరిచ్చిన దాంతో నాలుగు బీరువాలు, పిల్లల పుస్తకాలు కొంటున్నామండీ. వచ్చే నెల మొదటి ఆదివారం తలుపులు తెరుస్తాం. లెక్కలు నోటీసు బోర్డు మీద పెడతాం, వచ్చి చూడండి." దాతల పేర్లు మాత్రం చదవొద్దు. ఒక్క పేరు మరిచినా ఆ మనిషి నొచ్చుకుంటారు.

రికార్డింగ్‌కు ఖాళీ హాలు పనికిరాదు, మాట గోడలకు తగిలి మారుమోగుతుంది. పుస్తకాల అరల మధ్య నిలబడి, ఫ్యాన్ ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పట్టుకుంటే గొంతు తేటగా వస్తుంది.

అసలు చిక్కు పంపేటప్పుడే వస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే, మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకు అది చేరదు. అందుకే ఆ మెసేజ్ వివరాలు తెరిచి, ఎవరెవరికి అందిందో చూడండి. అందని వాళ్లకు విడివిడిగా పంపండి. చెవులు సరిగా వినపడని పెద్దలకు ఇదే మాట నాలుగు లైన్లలో రాసి పెట్టండి.