సూర్యఘర్‌కు ఎన్ని కిలోవాట్లు? ముందు మన ఇంటి వాడకం కొలుద్దాం

పీఎం సూర్యఘర్ పథకంలో పేరు నమోదు చేసుకున్నాక అందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: మిద్దె మీద 2 కిలోవాట్లు పెట్టించాలా, 3 పెట్టించాలా? కేంద్రం సబ్సిడీ 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లకు రూ.78,000. అంటే మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.30,000 వస్తుంది, మూడోదానికి రూ.18,000 మాత్రమే. కేంద్రం ప్రామాణిక ధర ప్రకారం మూడో కిలోవాట్ ఖర్చు రూ.45,000. సబ్సిడీ పోను రూ.27,000 మన చేతి నుంచే పడుతుంది. అది నిజంగా అవసరమో కాదో తెలియాలంటే ఇంట్లో కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో తెలియాలి.

పన్నెండు నెలల బిల్లులు కూడితే మొత్తం యూనిట్లు తెలుస్తాయి. ఇది అందరూ చేయాల్సిన పని. కానీ ఫ్రిజ్ ఎంత తిన్నది, మోటారు ఎంత తిన్నది అనేది బిల్లు చెప్పదు. వస్తువు వెనక స్టిక్కరు మీద ఉండే వాట్లను గంటలతో గుణించినా లెక్క కుదరదు. ఫ్రిజ్ కంప్రెసర్ రోజంతా తిరగదు, ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. అనంతపురం ఎండలకు మే నెలలో తిరిగినంత డిసెంబరులో తిరగదు.

స్మార్ట్ ప్లగ్‌తో ఫ్రిజ్, కూలర్

గోడ సాకెట్‌కూ వస్తువుకూ మధ్యలో పెట్టే చిన్న ప్లగ్ ఇది. కొనేటప్పుడు కరెంటు కొలిచే రకమేనా అని అడగండి, కొన్ని ఆన్, ఆఫ్ మాత్రమే చేస్తాయి. ఫోన్ యాప్‌లో `kWh` అని కనిపించేదే మన యూనిట్. ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోందన్నది కాదు, వారం రోజుల్లో ఎన్ని యూనిట్లు పెరిగాయన్నది చూడాలి. వారం మొత్తాన్ని ఏడుతో భాగిస్తే రోజు లెక్క వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కరెంటు పోయి వచ్చాక కొన్ని ప్లగ్‌లు ఆఫ్‌లోనే ఉండిపోతాయి. ఫ్రిజ్ ఆగిపోయిందని మనకు తెలిసేసరికి పాలు విరిగిపోతాయి, లెక్కా తక్కువ వస్తుంది. అందుకే మొదటిరోజే మెయిన్ ఆపి మళ్లీ వేసి, ప్లగ్ తనంతట తాను ఆన్ అవుతోందో లేదో చూసుకోండి. అవ్వకపోతే యాప్ సెట్టింగుల్లో మార్చాలి. ప్లగ్ మీద 10 ఆంపియర్లా 16 ఆంపియర్లా అన్నదీ చూడండి. బోరు మోటారును ఎట్టి పరిస్థితిలోనూ దీనికి తగిలించకండి. స్టార్ట్ అయ్యే క్షణంలో మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది, ప్లగ్ లోపల కాలిపోతుంది.

క్లాంప్ మీటరుతో మోటారు

మోటారుకు క్లాంప్ మీటరే సరి. కొనక్కర్లేదు, మోటార్లు రిపేరు చేసేవాళ్ల దగ్గర, ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. వైరు తెంపకుండా, దాని నోరు తెరిచి వైరు చుట్టూ మూస్తే ఆంపియర్లు చూపిస్తుంది. స్టార్టర్ పెట్టె తెరవాల్సి వస్తే ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

ఫేజు వైరు ఒక్కటే నోట్లో ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే మీటరు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మోటారు తిరుగుతున్నా సున్నా వస్తోందంటే కారణం చాలావరకు ఇదే.

ఆంపియర్లు తెలిస్తే సరిపోదు. లెక్క ఇలా వేయాలి:

వాట్లు = వోల్టులు × ఆంపియర్లు × పవర్ ఫ్యాక్టర్

మోటార్లలో లాగే కరెంటంతా పనిలోకి రాదు, ఆ తేడానే పవర్ ఫ్యాక్టర్. ఇంటి బోరు మోటారుకు సుమారు 0.8 వేసుకోవచ్చు. పాత ఫ్రిజ్‌కు ఇంకా తక్కువ ఉంటుంది. అందుకే ఫ్రిజ్‌ను క్లాంప్‌తో కాకుండా ప్లగ్‌తో కొలవమన్నది. వోల్టులు కూడా 230 అని ఊహించుకోవద్దు. పల్లెల్లో సాయంత్రం పూట తగ్గుతుంది. చాలా స్మార్ట్ ప్లగ్‌లు యాప్‌లోనే వోల్టేజీ చూపిస్తాయి, కొలిచే సమయానికి ఎంతుందో అదే రాసుకోండి.

పొలం మోటారును ఈ లెక్కలో కలపకండి. దానిది వేరే వ్యవసాయ సర్వీసు.

ఒక ఇంటి లెక్క

కళ్యాణదుర్గం వైపు ఒక ఇల్లు అనుకుందాం. మే నెల బిల్లు 318 యూనిట్లు, అంటే రోజుకు 10.6. చలికాలం బిల్లులు బాగా తక్కువ. ఏడాది సగటు నెలకు 245 యూనిట్లు. ‘మూడు కిలోవాట్లు వేసుకోండి’ అన్నాడు అమ్మకందారు.

మేలోనే వారం కొలిచారు. పదిహేనేళ్ల ఫ్రిజ్ వారంలో 17.5 యూనిట్లు, అంటే రోజుకు 2.5. అదే ఫ్రిజ్‌కు క్లాంప్ పెడితే 1.2 ఆంపియర్లు. దాన్ని 220 వోల్టులతో గుణిస్తే 264 వాట్లు వస్తుంది, కానీ ప్లగ్ చూపింది 165 వాట్లే. పవర్ ఫ్యాక్టర్ మరిచిపోయి ఉంటే ఫ్రిజ్ రోజుకు నాలుగు యూనిట్లని రాసుకునేవాళ్లు. కూలర్ రోజుకు 1.8.

మోటారు 210 వోల్టుల దగ్గర 6.5 ఆంపియర్లు, 0.8తో గుణిస్తే సుమారు 1,100 వాట్లు. ట్యాంకు నిండడానికి గంటన్నర పడుతోంది కాబట్టి 1.65 యూనిట్లు. వానలు పడ్డాక నీళ్లు పైకి వస్తే అదే ట్యాంకు ముప్పావు గంటలో నిండుతుంది, కాబట్టి మోటారు గంటలను రెండు కాలాల్లోనూ రాసుకోవాలి. (ఇంకో ఉపయోగం: తిరుగుతుండగా ఆంపియర్లు ఒక్కసారిగా పడిపోతే బోరులో నీళ్లు అందడం లేదేమో అని అనుమానించాలి. వెంటనే ఆపకపోతే మోటారు కాలుతుంది.)

ఫ్యాన్లకు ప్లగ్ పెట్టలేం. మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 14 గంటలు: 3.15 యూనిట్లు. లైట్లు, టీవీ, మిక్సీ కలిపి ఒకటి. మొత్తం 10.1 అయింది. ఇంటి మీటరు చెప్పేది 10.6. అర యూనిట్ తేడా పర్వాలేదు. రెండు మూడు యూనిట్ల తేడా వస్తే ఏదో వస్తువు మరిచిపోయినట్టు, లేదా ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టు. అన్నీ ఆపేశాక మీటరు ఇంకా తిరుగుతుంటే వైరింగ్ చూపించండి.

ఇప్పుడు నిర్ణయం. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. రెండు కిలోవాట్లకు 240. ఇంటి సగటు 245. అంచు మీద ఉంది. కానీ ఆ పాత ఫ్రిజ్ మారిస్తే కొత్త చిన్న ఫ్రిజ్‌కు మేలో కూడా రోజుకు 0.8 యూనిట్ అనుకోవచ్చు. ఏడాది సగటున నెలకు 40 యూనిట్లు తగ్గి 205 దగ్గరకు వస్తుంది. మూడో కిలోవాట్‌కు పెట్టే రూ.27,000 కంటే తక్కువలోనే సింగిల్ డోర్ ఫ్రిజ్ వస్తుంది. ఈ ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. మేలో కొంచెం తక్కువ పడినా ఆ తేడా మామూలు బిల్లుగా వస్తుంది, అంతే. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది కాబట్టి వానలు లేని నెలల్లో ప్యానెళ్లు కడగడం మాత్రం తప్పదు.

వచ్చే ఏడాది ఏసీ కొనాలని ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు మూడుకే వెళ్లడం మంచిది.

బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోయినప్పుడు తనూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే సిబ్బంది ప్రాణాలు కాపాడడానికి అలా తయారు చేస్తారు. కాబట్టి కోతల కోసం బ్యాటరీ పెట్టించుకోవాలనుకునేవాళ్లు సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా ఇంటి మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో వారం పాటు విడిగా రాసుకుని, ఆ కాగితం అమ్మకందారు ముందు పెట్టండి.