టీలో కెఫీన్: ఒక్కసారి కాదు, మూడుసార్లు

10 గ్రాముల టీ పొడిని నీటిలో బాగా మరిగించి, వడకట్టి, 100 మిల్లీలీటర్ల డికాక్షన్ తీశామనుకుందాం. అందులో సుమారు 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. దాన్ని విడిగా, తెల్లటి పొడిగా తీయాలి. నీరంతా ఆవిరి చేస్తే పని జరగదు. టానిన్లు, రంగులు, చక్కెరలు అన్నీ కెఫీన్‌తో పాటే గిన్నె అడుగున నల్లగా మిగిలిపోతాయి. కెఫీన్‌ను మాత్రమే పిలిచి తనలో కలుపుకునే మరో ద్రవం కావాలి. ఆ ద్రవం నీటితో కలవకూడదు కూడా. కాలేజీ ప్రయోగశాలల్లో ఈ పనికి వాడేది డైక్లోరోమీథేన్. దాన్ని డీసీఎం అంటారు.

ముందుగా డికాక్షన్‌లో కొంచెం సోడియం కార్బొనేట్ వేస్తారు. టానిన్లు ఆమ్ల గుణం ఉన్నవి కాబట్టి క్షారం తగలగానే లవణాలుగా మారి నీటినే అంటిపెట్టుకుంటాయి. కెఫీన్‌కు ఆ ఇబ్బంది లేదు. తర్వాత డికాక్షన్‌ను పూర్తిగా చల్లార్చాలి. డీసీఎం 40 డిగ్రీలకే మరుగుతుంది. వేడి డికాక్షన్‌లో పోస్తే అది భగ్గున పొంగి బయటికి వస్తుంది, ఆ ఆవిరి పీల్చకూడనిది. అందుకే పనంతా పొగగూటి కిందే చేయాలి.

చల్లారిన డికాక్షన్‌ను, డీసీఎంను సెపరేటింగ్ ఫనెల్‌లో పోస్తారు. బేరిపండు ఆకారంలో ఉండి, కింద కుళాయి ఉన్న గాజు పాత్ర అది. మూత బిగించి, తలకిందులు చేసి, వెంటనే కుళాయి తెరిచి లోపలి ఒత్తిడిని వదలాలి. తర్వాత మెల్లగా కలిపి స్టాండుకు తగిలిస్తే కాసేపట్లో రెండు పొరలు తేరుకుంటాయి. డీసీఎం నీటికన్నా బరువు, కాబట్టి కిందికి చేరుతుంది. ఏ పొర ఏదో అనుమానం వస్తే కొన్ని చుక్కల నీరు వేసి చూడాలి. ఏ పొరలో కలిసిపోతే అది నీటి పొర. పని పూర్తయ్యేదాకా ఏ పొరనూ పారబోయకూడదు.

ఇప్పుడు కెఫీన్ అంతా డీసీఎంలోకి వెళ్లిపోయిందా? లేదు. రెండు పొరల మధ్య కెఫీన్ అణువులు అటూ ఇటూ పోతూనే ఉంటాయి. ఎంత పోతుందో అంతే తిరిగి వచ్చే స్థితి దగ్గర లెక్క నిలుస్తుంది. ఆ స్థితిలో ఒక మిల్లీలీటరు డీసీఎంలో ఉన్న కెఫీన్‌ను ఒక మిల్లీలీటరు నీటిలో ఉన్న కెఫీన్‌తో భాగిస్తే వచ్చే సంఖ్యే విభజన గుణకం, K. వేసిన కెఫీన్ కొంచెమైనా ఎక్కువైనా, ద్రావణాలు మరీ చిక్కగా లేనంతవరకు, ఉష్ణోగ్రత మారనంతవరకు ఆ నిష్పత్తి మారదు. 1891లో వాల్తర్ నెర్న్‌స్ట్ దీన్ని సూత్రీకరించాడు. కెఫీన్ విషయంలో రెండు ద్రవాల్లోనూ అది ఎంతెంత కరుగుతుందో పోల్చి చూస్తే K సుమారు 6 దాకా వస్తుంది. లెక్క తేలికగా సాగడానికి 5 అనుకుందాం.

మన దగ్గర 60 మి.లీ. డీసీఎం ఉంది. అంతా ఒకేసారి పోసేద్దాం. ప్రతి మిల్లీలీటరు డీసీఎం ఐదు మిల్లీలీటర్ల నీటికి సమానంగా కెఫీన్‌ను పట్టుకుంటుంది కదా. కాబట్టి 60 మి.లీ. డీసీఎం 300 మి.లీ. నీటి పెట్టు. ఎదురుగా 100 మి.లీ. అసలు నీరుంది. కెఫీన్ మూడు పాళ్లు డీసీఎంలోకి, ఒక పాలు నీటిలోకి పంచుకుంటుంది. అంటే 225 మి.గ్రా. చేతికొస్తుంది, 75 మి.గ్రా. నీటిలోనే ఉండిపోతుంది.

అదే 60ని మూడు 20లుగా విడగొడదాం. 20 మి.లీ. డీసీఎం 100 మి.లీ. నీటి పెట్టు, అంటే పంపకం సగం సగం. మొదటి దఫాలో 150 బయటికి వస్తుంది, 150 మిగులుతుంది. కింది పొరను వేరే గిన్నెలోకి వదిలేసి, ఇంకో 20 మి.లీ. కొత్త డీసీఎం పోస్తే మిగిలినదాంట్లో మళ్లీ సగం, 75 వస్తుంది. మూడో దఫాలో 37.5. మొత్తం 262.5 మి.గ్రా. చేతికొచ్చింది, నీటిలో మిగిలింది 37.5. డీసీఎం ఒక్క చుక్క కూడా ఎక్కువ వాడలేదు, పోయేది మాత్రం సగానికి తగ్గింది.

తేడా ఎక్కడ పుట్టిందో గాఢతలు చూస్తే తెలుస్తుంది. K నియమం చెప్పేది నిష్పత్తి గురించే. నీటిలో ఎంత మిగలాలన్నది, దాని పక్కన ఉన్న డీసీఎం ఎంత చిక్కగా ఉందో దాన్ని బట్టి తేలుతుంది. ఒకేసారి పోసినప్పుడు, వచ్చిన 225 మి.గ్రా. కూడా ఆ నీటి పక్కనే కూర్చుని ఉంటుంది. డీసీఎంలో మిల్లీలీటరుకు 3.75 మి.గ్రా. ఉన్నంతసేపు నీటిలో 0.75 ఉండి తీరాలి. మూడు దఫాల్లో చేసినప్పుడు, మొదటి 20 మి.లీ. మిల్లీలీటరుకు 7.5 మి.గ్రా. మోసుకుని వెళ్లిపోతుంది, ఇక దాని ప్రభావం నీటి మీద ఉండదు. చివరి దఫాలో నీటి పక్కన ఉన్నది దాదాపు పలుచని డీసీఎమే, మిల్లీలీటరుకు 1.875. అందుకే నీటిలో 0.375 మాత్రమే మిగలగలిగింది. తీసేసిన కెఫీన్‌ను అక్కడినుంచి తప్పించడంలోనే లాభమంతా ఉంది.

మరి ఆరు దఫాలుగా, పదేసి మి.లీ. చొప్పున చేస్తే? మిగిలేది సుమారు 26 మి.గ్రా. అదే 60 మి.లీ.ను లెక్కలేనన్ని చిన్న భాగాలుగా చేసినా 15 దగ్గర ఆగుతుంది, అంతకన్నా దిగదు. మూడు దఫాలతోనే లాభంలో పెద్ద భాగం వచ్చేసింది. ఆపై ప్రతి దఫాకూ ఫనెల్ గోడలకు అంటుకుని, నీటిలో కొద్దికొద్దిగా కరిగి డీసీఎం పోతుంటుంది. సమయం సంగతి సరేసరి. రెండు మూడు దఫాలు చాలనే అలవాటు అలా వచ్చిందే. K చాలా పెద్దదైతే, ఉదాహరణకు అయొడిన్‌ను నీటి నుంచి కార్బన్ టెట్రాక్లోరైడ్‌లోకి లాగేటప్పుడు, ఒక్క దఫాతోనే దాదాపు అంతా వచ్చేస్తుంది. K మరీ చిన్నదైతే చిన్న దఫాలు కూడా ఆదుకోలేవు. కెఫీన్‌కు డీసీఎం బదులు ఈథర్ వాడితే జరిగేది అదే, ఎందుకంటే ఈథర్‌లో అది నీటిలోకన్నా చాలా తక్కువ కరుగుతుంది. అప్పుడు మార్చాల్సింది ద్రావణిని.

విద్యార్థులను ఎక్కువగా ఏడిపించేది మాత్రం లెక్క కాదు, ఎమల్షన్. టానిన్ల లవణాలు సబ్బులా పనిచేస్తాయి. ఫనెల్‌ను గట్టిగా ఊపితే డీసీఎం సన్నని బిందువులుగా చెదిరి, రెండు పొరల మధ్య గోధుమ రంగు నురగలా చిక్కుకుపోతుంది. ఎంతసేపు ఉంచినా విడిపోదు. ఊపకుండా, ఫనెల్‌ను నెమ్మదిగా తలకిందులు చేస్తూ తిప్పితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇప్పటికే వచ్చేస్తే కొంచెం ఉప్పు వేయడం మంచి ఉపాయం. ఉప్పు వల్ల బిందువులు ఒకదానితో ఒకటి కలుస్తాయి.

మూడు దఫాల డీసీఎంను ఒకచోట కలిపి, తేమ పీల్చడానికి నీరులేని సోడియం సల్ఫేట్ వేస్తారు. తేమ ఉన్నంతసేపు ఆ పొడి ముద్దకడుతుంది. గిన్నె ఆడించినప్పుడు ఇసుకలా కదిలితే తేమ పోయినట్లు. వడకట్టి డీసీఎంను ఆవిరి చేస్తే కొంచెం పచ్చటి ఛాయతో కెఫీన్ మిగులుతుంది. ఆ పచ్చదనం ఆకులోని పత్రహరితంది. ఉత్పతనం చేస్తే తెల్లగా వస్తుంది.

పరిశ్రమలో ఫనెల్‌కు బదులు ఇదే సూత్రాన్ని ఎదురెదురు ప్రవాహంగా నడుపుతారు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియంను శుద్ధి చేసేది ద్రావణి సంగ్రహణంతోనే. ముడి యురేనియంను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణం నుంచి ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావణిలోకి లాగుతారు. ఎదురెదురు పద్ధతిలో నీటి ద్రావణం ఒక చివర నుంచి, ద్రావణి రెండో చివర నుంచి ప్రవేశించి దశలవారీగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. దాదాపు ఖాళీ అయిన నీటి ద్రావణానికి చివర్లో ఎదురయ్యేది అప్పుడే వచ్చిన తాజా ద్రావణి. బయటికి వెళ్లబోయే, నిండిన ద్రావణికి ఎదురయ్యేది ఇంకా చిక్కగా ఉన్న కొత్త నీటి ద్రావణం. ప్రతి దఫాకూ కొత్త ద్రావణి పోసే అవసరం లేకుండానే, కొద్దిపాటి ద్రావణి వాడి, ప్రతి దశలోనూ ఆ తేడాను నిలబెడతారు.