నోటి చుట్టూ తేనెరంగు పక్కులు: బడిలో పాకే ఇంపెటైగో

చిన్నబిడ్డ ముక్కు కింద గాని, పెదవి మూలలో గాని తొలుత ఒక చిన్న ఎర్రమచ్చ కనబడుతుంది. ఒకటి రెండు రోజులలో అది పలుచని నీటిపొక్కుగా మారి, తల్లి గమనించేలోగానే చిట్లిపోతుంది. అందులోనుంచి ఊరిన రసం ఆరి, ఎండిన తేనెబొట్టు వలె పసుపు కలిసిన గోధుమరంగు పక్కు కడుతుంది. ఆ పక్కును గోటితో తీస్తే కింద ఎర్రని తడి చర్మం బయటపడుతుంది. కొద్ది గంటలలో మళ్లీ అదే పక్కు ఏర్పడుతుంది. కొంచెం దురద ఉంటుంది గాని నొప్పి అంతగా ఉండదు, జ్వరం సాధారణంగా రాదు. అందుచేత బిడ్డ ఎప్పటివలెనే ఆడుకుంటూ, బడికి పోతూ ఉంటాడు. వ్యాధి ఒకరి నుంచి ఒకరికి పాకడానికి ఈ హుషారే మొదటి కారణం. వైద్యులు దీనిని ఇంపెటైగో అంటారు.

ఈ మాటకు తెలుగు పేరు నిర్ణయించడంలో అనువాదకులకు ఒక చిక్కు ఉన్నది. మన పరిసరాలలో తమిళులు ‘సిరంగు’ అనే ఒక్క పదంతో చీము పుండ్లనూ, దురద పుట్టించే గజ్జినీ కూడా చెప్పుకుంటారు. దానిని కళ్లు మూసుకొని ‘గజ్జి’ అని తెలిగించితే, చదివిన తండ్రి మందుల దుకాణానికి వెళ్లి గజ్జి మందు తెస్తాడు. గజ్జి చర్మంలో తొలుచుకొని బ్రతికే పురుగు వలన కలిగేది. ఇంపెటైగో బాక్టీరియా వలన కలిగేది. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. కనుక ఈ వ్యాసంలో ‘ఇంపెటైగో’ అనే మాటనే ఉంచుతున్నాము. అయితే రెండూ ఒకే బిడ్డకు కలిసి ఉండవచ్చునన్నది మరువరాదు. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందులలో గీతలు, పొక్కులు ఉండి, ఇంట్లో మరికొందరు కూడా గోక్కుంటున్నట్లయితే అడుగున గజ్జి ఉన్నదని, గోకిన చోట్ల ఇంపెటైగో చేరిందని అనుమానించాలి. అప్పుడు రెండింటికీ చికిత్స జరగాలి. ఇంపెటైగో ఒక్కటే తగ్గిస్తే అది కొద్ది వారాలలో తిరిగి వస్తుంది.

కోడంబాక్కంలోని తెలుగు ఇళ్లలో ఈ పొక్కులను చూసి సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతూ ఉంటాయి. మొదటిది, అమ్మవారు పోసిందనుకోవడం. అలా అనుకున్న ఇంట్లో బిడ్డకు స్నానం ఆపుతారు, వేపరొట్ట కడతారు, మందు వేయరు. అమ్మవారు, అనగా చికెన్‌పాక్స్, వచ్చినపుడు జ్వరంతో పాటు ఒంటిమీద, తలలో, ముఖంలో విడతలు విడతలుగా పొక్కులు లేస్తాయి. ఇంపెటైగో అలా కాక, ముక్కు నోరు చుట్టూ ఒకచోట మొదలై అక్కడినుంచి చెంపకు, గడ్డానికి, చేతికి జరుగుతుంది. ఆ పక్కుల అడుగున బాక్టీరియా దాగి ఉంటుంది కనుక, నీళ్లు తగలకుండా బిడ్డను ఉంచడమంటే దానిని కాపాడడమే. రెండవ పొరపాటు, ఇది అక్కి అని భావించి కావి పూయించడం. తడి పుండు మీద మట్టి పూయడం ఎలాగూ మంచిది కాదు. అంతకుమించి, ఎర్రకావి కింద పుండు పెరుగుతున్నదో తరుగుతున్నదో వైద్యునికి కనబడకుండా పోతుంది.

ఈ వ్యాధిని కలిగించేవి రెండు జాతుల బాక్టీరియాలు: స్టఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. మొదటిది ఆరోగ్యంగా ఉన్న ఎందరి ముక్కులోనో ఏ హానీ చేయకుండా నివసిస్తూ ఉంటుంది. ఈ రెండింటికీ గాయంలేని చర్మాన్ని ఛేదించడం కష్టం. వాటికి ఒక సందు కావాలి. చెన్నై ఉక్కలో లేచే చెమటకాయ, దోమకాటును గోకిన గీత, జలుబుతో ముక్కు కారి ఒరుసుకొనిపోయిన పైపెదవి, పేలకు గోకుకొన్న మెడ వెనుక భాగం, ఇవన్నీ అటువంటి సందులే. పైపెదవి చుట్టూ తరచుగా ఎందుకు వస్తుందో దీనినిబట్టి తెలుస్తుంది. అక్కడ ఒరుపు ఉన్నది, పైన ముక్కులో బాక్టీరియా ఉన్నది, రెండింటినీ కలిపే వేలు ఉన్నది.

ఇక ఒక ఒకటవ తరగతి గదిని ఊహించుకుందాం. ఆరేళ్ల బాలుడు జలుబుతో సోమవారం బడికి వచ్చాడు. బుధవారానికి పైపెదవి మీద పొక్కు, శుక్రవారానికి తేనెరంగు పక్కు. పాఠం వింటూ దానిని గిల్లుతాడు, ఆ వేళ్లతోనే పక్కపిల్ల పెన్సిలు తీసుకుంటాడు, చేయి పట్టుకుంటాడు. మధ్యాహ్న భోజనానికి ముందు చేతులు కడుక్కొని, ఇద్దరూ ఒకే చేతిరుమాలుతో తుడుచుకుంటారు. ఆ అమ్మాయి ముంజేతి మీద రాత్రి కుట్టిన దోమకాటు గోకుడుకు చిట్లి ఉన్నది. బాలుడి తల్లి మందు వేయించింది; మరుసటి వారానికి అతని ముఖం శుభ్రపడింది. అటు తరువాత కొన్నాళ్లకు అమ్మాయి ముంజేతి మీద పక్కు లేచింది. ‘తరగతిలో ఎవరికీ లేదే, దీనికెక్కడి నుంచి వచ్చింది?’ అని ఆమె తల్లి ఆశ్చర్యపోతుంది. రావలసిన చోటి నుంచే వచ్చింది. అయితే ఆలస్యంగా పైకి తేలింది.

ఈ ఆలస్యానికి గల కారణాన్ని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, రెడ్ లేక్ అనే ఆదివాసి ప్రాంతపు పిల్లల మధ్య పరిశోధకులు కనిపెట్టారు. వారు పుండ్లు లేని పిల్లల చర్మాన్ని సైతం పదేపదే పరీక్షించి, స్ట్రెప్టోకాకస్ మామూలు చర్మం మీద చేరిన తరువాత పుండు లేవడానికి సగటున 10 రోజులు పట్టిందని గమనించారు. అనగా పుండు కనబడిన బిడ్డనొక్కనినే బడికి రానీయకుండా ఆపినంత మాత్రాన వ్యాప్తి ఆగిపోదు. ఒకరికి కనబడిన నాటి నుంచి రెండు వారాలపాటు ఆ తరగతిలోని పిల్లలందరి ముఖాలనూ, చేతులనూ ఉపాధ్యాయులు రోజూ ఒకసారి చూడడం అవసరం. దీనికి పట్టేది ప్రార్థన సమయంలో ఐదు నిమిషాలే.

ఇంట్లో చేయవలసిన పని పక్కును మెత్తబరచడంతో మొదలవుతుంది. మందు బాక్టీరియాను తాకాలి గాని పక్కును కాదు. శుభ్రమైన మెత్తని గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి, ఐదు పది నిమిషాలు పుండు మీద ఉంచి, తరువాత సబ్బు నీటితో మెల్లగా కడిగితే పక్కు దానంతట ఊడుతుంది. ఊడనిదానిని బలవంతంగా పీకరాదు. తడి అద్దిన పిమ్మట వైద్యులు వ్రాసిన పైపూత మందును రాయాలి. కొద్దిపాటి పుండ్లకు సాధారణంగా ముపిరోసిన్ గాని, ఫ్యుసిడిక్ ఆమ్లం గాని ఇస్తారు. రోజుకు రెండు మూడు సార్లు, ఐదు రోజులు. మూడవ రోజుకే చర్మం బాగుపడినట్లు కనబడినా ఐదు రోజులూ రాయాలి. రాసే ముందు, రాసిన తరువాత పెద్దలు చేతులు కడుక్కోవాలి. పుండ్లు చాలా ఉన్నా, ఇంట్లోనో తరగతిలోనో పలువురికి ఉన్నా, వైద్యులు లోనికి మందు ఇస్తారు. ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిలిన్ సీసాను ఇందుకు వాడరాదు. స్టఫిలోకాకస్‌లో అధికభాగం ఆ మందును ధ్వంసం చేసే పదార్థాన్ని తానే తయారుచేసుకుంటుంది.

దుకాణంలో అడగగానే దొరికే కొన్ని చర్మపు ట్యూబుల విషయంలో ప్రత్యేకంగా హెచ్చరించవలసి ఉన్నది. తామరకు, దురదకు, పుండుకు అన్నిటికీ పనికివస్తుందని చెప్పి ఇచ్చే మిశ్రమ మందులలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. దానిని రాస్తే ఎరుపు తగ్గి రెండు రోజులు ఉపశమనం కనబడుతుంది. కాని చర్మపు రక్షణశక్తి అణగిపోయి పుండు లోలోపల విస్తరిస్తుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు ఉన్నవేమో చూసుకోండి.

చికిత్స మొదలై 24 గంటలు గడిచేవరకు బిడ్డను బడికి పంపరాదు. ఆ తరువాత పంపవచ్చు. తడి పుండు ఏదైనా మిగిలి ఉంటే గాజుగుడ్డతో కప్పి పంపాలి, గోళ్లు కత్తిరించి పంపాలి. తువ్వాలు, దిండుగలేబు ఇతరులతో పంచుకొనకుండా విడిగా ఉంచి, రోజూ వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయాలి. తమ్ముడికీ చెల్లెలికీ ఒకే తువ్వాలుతో ఒళ్లు తుడవడం మన ఇళ్లలో మామూలే; ఈ వారం దానిని మానాలి.

సబ్బు విషయం కొంత వివరంగా చెప్పదగినది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కరాచీ నగరపు పేదవాడలలోని కుటుంబాలకు ఉచితంగా సబ్బు ఇచ్చి, చేతులు కడుక్కొనే పద్ధతిని ప్రతివారం ఇంటికి వెళ్లి నేర్పారు. అలా చేసిన ఇళ్లలో పిల్లలకు ఇంపెటైగో 34 శాతం తగ్గింది. సగం ఇళ్లకు సూక్ష్మజీవులను చంపుతుందనే ప్రత్యేక సబ్బు, మిగిలిన సగానికి మామూలు సబ్బు ఇచ్చారు. ఫలితంలో తేడా కనబడలేదు. కాబట్టి ప్రకటనలలో చూపే ఖరీదైన సబ్బు కొనవలసిన పని లేదు. బడిలో కొళాయి దగ్గర ఏదో ఒక సబ్బు ఎల్లప్పుడూ ఉన్నదా అని తల్లిదండ్రుల సమావేశంలో అడగడం మేలు.

పదవ మండలమైన కోడంబాక్కంలో నివసించేవారు సమీపంలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిడ్డను చూపించవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందం చర్మవ్యాధులను కూడా పరిశీలిస్తుంది గాని, ఆ సందర్శన ఏడాదికి ఒకసారి జరిగేది. పక్కు కట్టిన బిడ్డను దానికోసం ఆపి ఉంచరాదు. జ్వరం వచ్చినా, పుండు చుట్టూ ఎరుపు వేడితో వాపుతో విస్తరిస్తున్నా, మందు మొదలుపెట్టిన మూడు రోజులకు తగ్గుముఖం పట్టకున్నా మళ్లీ వెళ్లాలి. నెలల పసికందుకు వస్తే మొదటి రోజే వెళ్లాలి.

పుండు మాని మచ్చ కూడా లేకుండా పోయిన తరువాత గమనించవలసినది ఒకటి ఉన్నది. స్ట్రెప్టోకాకస్‌లోని కొన్ని రకాల వలన, చర్మపు పుండు వచ్చిన సుమారు మూడు నుంచి ఆరు వారాలకు కొద్దిమంది పిల్లలలో మూత్రపిండాలు వాచవచ్చు. పైన చెప్పిన రెడ్ లేక్ ప్రాంతంలో 1953లోను, మళ్లీ 1966లోను ఇటువంటి మూత్రపిండ వ్యాధి పలువురు పిల్లలకు ఒకేసారి వచ్చింది. పుండుకు మందు వేసినంత మాత్రాన ఆ బిడ్డకు ఇది రాదని హామీ లేదు. అయితే ఆ రకం బాక్టీరియా మరొక బిడ్డకు చేరకుండా ఆ మందు అడ్డుకుంటుంది. ఉదయం లేవగానే కనురెప్పలు ఉబ్బి ఉండడం, మూత్రం తగ్గి చిక్కని టీ డికాక్షన్ రంగులో రావడం, తలనొప్పి దీని గుర్తులు. చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. కాని రక్తపోటు హఠాత్తుగా పెరిగే ప్రమాదం ఉన్నందున ఆలస్యం చేయక ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రికి గాని, దగ్గరి పెద్ద ఆసుపత్రికి గాని తీసుకొనిపోవాలి. అప్పటికి పుండు ఆనవాలు ముఖం మీద ఉండదు గనుక వైద్యులకు ఆ సంగతి మీరే చెప్పాలి. పక్కు మొదట కనబడిన తేదీని గోడమీది క్యాలెండరులో ఆనాడే గుర్తు పెట్టుకొని, ఆరు వారాల వరకు బిడ్డ మూత్రపు రంగును గమనిస్తూ ఉండండి.