పుస్తకంలో నష్టం, ఖాతాలో డబ్బు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరి సలపదు. ఎండుమిర్చి టిక్కీలతో లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. మంచి ధర కోసం ఎదురుచూసే రైతులు, వ్యాపారులు సరుకును రంగు పోకుండా, పురుగు పట్టకుండా చల్లని గదుల్లో దాచుకుంటారు. ధర నచ్చినప్పుడు బయటికి తీస్తారు. టిక్కీకి సీజన్‌కు ఇంత అని అద్దె.

బయటి నుంచి చూస్తే ఇది చాలా సాదా వ్యాపారం. యజమానిని అయోమయంలో పడేసేది మాత్రం దీని జమాఖర్చే. పంట తగ్గి గదులు సగం పైచిలుకు మాత్రమే నిండిన ఏడాది ఆడిటర్ ముప్పై లక్షల నష్టం చూపిస్తారు. అదే ఏడాది జీతాలు ఆగలేదు, కరెంటు బిల్లు బాకీ పడలేదు, వడ్డీ కట్టాక కూడా బ్యాంకు ఖాతాలో కొంత డబ్బు మిగిలింది. ఆడిటర్ లెక్క తప్పు కాదు, ఖాతాలో డబ్బూ అబద్ధం కాదు. ఈ రెండింటి మధ్య ఉన్నది తరుగుదల. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోకపోతే నిలబడగలిగే వ్యాపారాన్ని అమ్ముకోవచ్చు. మునిగిపోతున్న వ్యాపారాన్ని బాగానే ఉందనుకుని నడుపుతూనూ ఉండవచ్చు.

లక్ష టిక్కీల స్టోరేజీ

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా స్టోరేజీని తీసుకుందాం. సామర్థ్యం లక్ష టిక్కీలు. స్థలం విలువ పక్కన పెడితే కట్టడానికి 9 కోట్లు అయింది. భవనానికి నాలుగున్నర కోట్లు, అమ్మోనియా కంప్రెసర్లు, కాయిల్స్, గోడల లోపలి ఇన్సులేషన్ వంటివాటికి మరో నాలుగున్నర కోట్లు. భవనం 30 ఏళ్లు, యంత్రాలు 15 ఏళ్లు వస్తాయనుకుంటే ఏటా తరుగుదల భవనం మీద 15 లక్షలు, యంత్రాల మీద 30 లక్షలు. మొత్తం 45 లక్షలు.

మిగతా స్థిర ఖర్చులు ఇలా ఉన్నాయనుకుందాం: జీతాలు 20 లక్షలు, గదులను చల్లగా ఉంచే కరెంటు 22 లక్షలు, బీమా, మరమ్మతులు కలిపి 8 లక్షలు, రెండున్నర కోట్ల అప్పు మీద వడ్డీ 25 లక్షలు. ఇవన్నీ 75 లక్షలు. తరుగుదల కలిపితే 120 లక్షలు.

టిక్కీకి అద్దె 200 రూపాయలు. హమాలీ, సరుకు బీమా వంటి టిక్కీతో పాటే పెరిగే ఖర్చు 50 రూపాయలు. అంటే లోపలికి వచ్చిన ప్రతి టిక్కీ స్థిర ఖర్చులు తీర్చడానికి 150 రూపాయలు అందిస్తుంది.

ఇక మామూలు బ్రేక్ ఈవెన్ ఎంతో చూద్దాం. 120 లక్షలను 150తో భాగిస్తే 80,000 టిక్కీలు. అన్ని వస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కటి తగ్గినా పుస్తకంలో నష్టమే.

కానీ ఆ 120 లక్షల్లో 45 లక్షలు ఈ ఏడాది ఎవరి చేతికీ వెళ్లలేదు. కంప్రెసర్ కొన్నప్పుడే, భవనం కట్టినప్పుడే ఆ డబ్బు చెల్లించేశారు. దాన్నే ఏడాదికింత చొప్పున పుస్తకంలో ఖర్చు రాస్తున్నారు. ఈ ఏడాది నిజంగా చెల్లించాల్సింది 75 లక్షలే. 75 లక్షలను 150తో భాగిస్తే 50,000 టిక్కీలు. ఇదే నగదు బ్రేక్ ఈవెన్. సూత్రం ఇంతే:

నగదు బ్రేక్ ఈవెన్ = (స్థిర ఖర్చులు − తరుగుదల) ÷ టిక్కీకి మిగులు

80,000కీ 50,000కీ మధ్య ఉన్న 30,000 టిక్కీల తేడా అంతా తరుగుదలదే. యంత్రాల మీద, కట్టడాల మీద పెట్టుబడి ఎక్కువగా ఉండే ఏ వ్యాపారంలోనైనా ఈ తేడా పెద్దదిగానే ఉంటుంది. తక్కువ సామానుతో నడిచే కిరాణా కొట్టులో ఇది లెక్కలోకి రాదు.

ఈ రెండు అంకెల స్వభావం కూడా వేరు. యంత్రాలు 15 ఏళ్లు కాదు, 20 ఏళ్లు వస్తాయని అంచనా మార్చారనుకోండి. వాటి తరుగుదల 30 లక్షల నుంచి 22.5 లక్షలకు దిగుతుంది. మామూలు బ్రేక్ ఈవెన్ 80,000 నుంచి 75,000కు వస్తుంది. స్టోరేజీలో ఏమీ మారలేదు, ఒక్క టిక్కీ కూడా అదనంగా రాలేదు. నగదు బ్రేక్ ఈవెన్ మాత్రం 50,000 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అది అంచనాల మీద కాక చెల్లింపుల మీద ఆధారపడింది. గడ్డు ఏడాదిలో యజమాని ముందుగా చూడాల్సింది దీన్నే అనడానికి కారణం ఇదే.

మరిచిపోయే వాయిదా

చాలామంది పొరబడేది ఇక్కడే. తరుగుదలను తీసేసి, 50,000 టిక్కీలు వస్తే చాలు గట్టెక్కుతామనుకుంటారు. కానీ బ్యాంకు వడ్డీతో ఆగదు, అసలు కూడా అడుగుతుంది. అసలు చెల్లింపు లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా కనపడదు, ఎందుకంటే అది ఖర్చు కాదు, అప్పు తీర్చడం. అయినా డబ్బు బయటికి పోతుంది. తరుగుదల ఖర్చుగా కనపడుతుంది కానీ డబ్బు పోదు. అసలు వాయిదాలో డబ్బు పోతుంది కానీ ఖర్చుగా కనపడదు. ఒకదాన్ని తీసేసినవాళ్లు రెండోదాన్ని కలపాల్సిందే.

మన స్టోరేజీ ఏటా 30 లక్షల అసలు కట్టాలనుకుందాం. అప్పుడు కావలసిన నగదు 75 కాదు, 105 లక్షలు. 150తో భాగిస్తే 70,000 టిక్కీలు. అప్పు ఉన్నవాళ్లకు అసలైన గీత ఇదే.

ఇప్పుడు పంట తగ్గిన ఏడాది 60,000 టిక్కీలే వచ్చాయనుకోండి. వాటి మీద మిగులు 90 లక్షలు. పుస్తకంలో 120 లక్షల ఖర్చు ఉంది కాబట్టి 30 లక్షల నష్టం. నగదు ఖర్చు 75 లక్షలే కాబట్టి చేతిలో 15 లక్షలు. కానీ బ్యాంకుకు కట్టాల్సిన అసలు 30 లక్షలు. ఇంకో 15 లక్షలు ఎక్కడినుంచి తేవాలి?

ఈ మూడు అంకెలూ చేతిలో ఉన్న యజమాని బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్లి ‘నష్టాల్లో ఉన్నానండీ’ అని చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. ‘నడపడానికి, వడ్డీకి ఢోకా లేదండీ. ఈ ఏడాది అసలు వాయిదా సగానికి తగ్గించి, మిగతాది గడువు చివరికి జరపండి చాలు’ అని అడగవచ్చు. వాయిదా 15 లక్షలు అయితే కావలసిన నగదు 90 లక్షలు, గీత సరిగ్గా 60,000 టిక్కీలు. బ్యాంకు ఒప్పుకుంటుందా లేదా అనేది వేరే సంగతి. కానీ అడగాల్సింది ఎంతో, ఎందుకో స్పష్టంగా తెలుస్తుంది. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులు కూడా ఇలాగే చూస్తాయి. నికర లాభానికి తరుగుదలనూ వడ్డీనీ తిరిగి కలిపి, ఆ మొత్తం వడ్డీకీ అసలుకీ సరిపోతుందా అని లెక్కవేస్తాయి.

అప్పు గడువు ఎంత పెట్టుకోవాలో కూడా ఇక్కడే తేలుతుంది. ఇదే రెండున్నర కోట్లను ఐదేళ్లలో తీర్చేస్తామని ఒప్పుకుంటే ఏటా అసలు 50 లక్షలు, గీత 83,000 టిక్కీలు దాటిపోతుంది. అప్పుడు 82,000 టిక్కీలు వచ్చి, పుస్తకంలో లాభం కనపడుతున్నా వాయిదాకు డబ్బు చాలదు. అసలు వాయిదా తరుగుదల కంటే ఎక్కువైతే ఇలాగే జరుగుతుంది.

అద్దె తగ్గించే ముందు

నగదు బ్రేక్ ఈవెన్ ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యమే ప్రమాదం కూడా. పక్కన కొత్త స్టోరేజీ లేచి, టిక్కీలు అటు పోతున్నాయని అద్దెను 200 నుంచి 150కి తగ్గించారనుకోండి. టిక్కీకి మిగులు 100 రూపాయలకు పడిపోతుంది. నగదు బ్రేక్ ఈవెన్ 75,000 టిక్కీలు. గదులన్నీ నిండితే కోటి రూపాయల మిగులు వస్తుంది, నగదు ఖర్చు పోను 25 లక్షలు చేతిలో ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంది.

మామూలు బ్రేక్ ఈవెన్ వేసి చూడండి. 120 లక్షలను 100తో భాగిస్తే 1,20,000 టిక్కీలు. స్టోరేజీలో పట్టేదే లక్ష. అంటే ఈ అద్దెకు ప్రతి ఏడూ కిక్కిరిసి నిండినా ఎప్పటికీ లాభం రాదు, ఏటా 20 లక్షల నష్టమే. చేతిలో కనపడే ఆ 25 లక్షలు సంపాదన కాదు. కంప్రెసర్ అరిగిపోతుంటే, ఇన్సులేషన్ చెమ్మ పట్టి పాడవుతుంటే, వాటి విలువే కొంచెం కొంచెంగా నోట్లుగా మారి చేతికి వస్తోంది. ఆ డబ్బుతో ఇంట్లో పెళ్లి చేసినా, పక్కన పొలం కొన్నా యంత్రాలు మార్చాల్సిన రోజున మళ్లీ కొత్త అప్పే దిక్కు.

ఆ అరుగుదల మొదట కరెంటు బిల్లులో కనపడుతుంది. అదే సరుకు, అదే ఉష్ణోగ్రత, కానీ గది చల్లబడటానికి కంప్రెసర్ మునుపటికంటే ఎక్కువ గంటలు తిరగాల్సి వస్తుంది. టిక్కీకి ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో ఏటా రాసి పెట్టుకుంటే, పుస్తకంలోని తరుగుదల కేవలం ఆడిటర్ రాసిన అంకె కాదని ఎవరికైనా అర్థమవుతుంది. పైగా ఆ అదనపు యూనిట్లు నగదు ఖర్చే. అంటే పాత యంత్రాలను నెట్టుకొస్తున్న కొద్దీ నగదు బ్రేక్ ఈవెన్ కూడా పైకి పాకుతుంది.

ఈ లెక్కకు ఉన్న హద్దులు

ఇది ఏడాది మొత్తానికి వేసే లెక్క. మిర్చి స్టోరేజీలో కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి, అద్దె మాత్రం సాధారణంగా సరుకు తీసుకెళ్లేటప్పుడు వస్తుంది. ఎండలు మండే నెలల్లో గదులు నిండుగా ఉంటాయి, గల్లా ఖాళీగా ఉంటుంది. 70,000 టిక్కీలు దాటినా ఆ నాలుగైదు నెలలకు విడిగా డబ్బు సమకూర్చుకోవాల్సిందే.

స్థిర ఖర్చు అన్నది కూడా పూర్తిగా స్థిరం కాదు. సరుకు తక్కువ వచ్చిన ఏడాది ఉన్న గదులన్నింటిలో కొంచెం కొంచెం సర్దితే అన్నింటినీ చల్లబరచాలి. కొన్ని గదులను పూర్తిగా నింపి ఒకదాన్ని మూసేస్తే ఆ గది కరెంటు మిగులుతుంది, నగదు గీత ఆ మేరకు కిందికి దిగుతుంది.

కాబట్టి అద్దె ఖరారు చేసేటప్పుడు 80,000 గీతను, అప్పు గడువు రాసుకునేటప్పుడు 70,000 గీతను, పంట దెబ్బతిన్న ఏడాది తలుపులు తెరిచి ఉంచాలా వద్దా అని ఆలోచించేటప్పుడు 50,000 గీతను చూడాలి. మంచి ఏడాదిలో 80,000 దాటి వచ్చిన ప్రతి టిక్కీ లాభమే. ఆ లాభాన్ని వాడుకోవచ్చు. తరుగుదల పేరుతో పుస్తకంలో రాసిన 45 లక్షల్లో అసలు వాయిదా పోగా మిగిలే 15 లక్షలను మాత్రం విడి ఖాతాలో వేసి, యంత్రాల కోసం అలాగే ఉంచాలి.