సింకు కింది అర

కొత్త వంటగదిలో ముందుగా ఉబ్బేది సాధారణంగా సింకు కింది అరే. తలుపు మీద లామినేట్ మెరుస్తూనే ఉంటుంది. పైపు కోసం కోసిన రంధ్రం అంచులోంచి తడి పాకి, లోపల పొరలు విడిపోతాయి.

తేడా జిగురుది. ఎంఆర్ రకంలో సాధారణంగా వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ గాలిలోని తేమను ఓర్చుకుంటుంది, నిలిచిన నీటిని కాదు. బీడబ్ల్యూపీ రకంలోని ఫినాల్ ఫార్మాల్డిహైడ్ 72 గంటలు నీళ్లలో మరిగించినా పట్టు వదలకూడదు.

సెంచురీ, గ్రీన్‌ప్లై అని పేరు చెబితే చాలదు. ఇలాంటి కంపెనీలు పలు గ్రేడ్లు అమ్ముతాయి. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దానిపైన ఐఎస్ 710, కింద CM/L సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది.

పై అరలకు ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. లామినేట్ మెరినోదైనా గ్రీన్‌లామ్‌దైనా అంచులు మూయదు. వాటికి ఎడ్జ్ బ్యాండ్, రంధ్రానికి సిలికాన్ పూయించాలి.