మిషన్ మీది, పాలసీ ఇంటిది

ఇల్లు మునిగితే ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునే ఇంటి దర్జీలకు అసలు చిక్కు సర్వేయర్ వచ్చాక తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. అలాంటి వరదలో, ముందుగదిలో జాకెట్లు కుట్టే ఒక ఇల్లాలి ఇంట్లోకి నడుంలోతు నీళ్లు వచ్చాయనుకుందాం. మోటారు మిషన్, ఓవర్‌లాక్, కటింగ్ టేబుల్ కలిపి 60 వేలు. సొంతంగా కొని పెట్టుకున్న లైనింగులు, ఫాల్స్, లేసులు 40 వేలు. కుట్టడానికి వచ్చిన పట్టుచీరలు, జాకెట్ గుడ్డలు లక్ష. ఆమెకు భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. మంచం, ఫ్రిజ్, టీవీలకు డబ్బు వస్తుంది. ఈ రెండు లక్షలకు మాత్రం రాకపోవచ్చు.

ఆ పాలసీ ఇంటి సామాను అనేది కుటుంబం వాడుకునే వస్తువులనే. దాని ప్రీమియం కూడా కాపురం ఉండే ఇంటి ప్రమాదాన్ని చూసి కట్టిందే. రోజంతా వేడెక్కే ఇస్త్రీపెట్టె, గుట్టలుగా బట్టలు, వచ్చిపోయే జనం ఆ లెక్కలో లేరు. పైగా సరుకు విలువ పండగల ముందు ఒకలా, ఆషాఢంలో మరోలా ఉంటుంది. ఇంట్లో ట్యూషన్ చెప్పేవారి బెంచీలు, ప్రొజెక్టర్‌కూ ఇదే చిక్కు. అక్కడ పిల్లవాడు జారిపడితే వచ్చే బాధ్యత ఇంకో సంగతి, దానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ వేరే తీసుకోవాలి.

కాబట్టి ముందు చేయాల్సిన పని, ఇంట్లో పని చేస్తున్నట్టు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం. దాచితే రేపు ఇంటి క్లెయిముకే ఎసరు రావచ్చు. ఆ తర్వాత మిషన్లకు, సరుకుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అడగాలి. ఒకే చోట ఆస్తి విలువ 5 కోట్లు దాటని వ్యాపారాలకని 2021 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న పాలసీ ఇది. మంటలు, వరద, తుపాను ఇందులో వస్తాయి. మామూలు దొంగతనం రాదు, దానికి బర్గ్లరీ పాలసీ విడిగా కావాలి.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది పరాయి చీరల గురించి. అవి మీ సరుకు కావు, మీ దగ్గర నమ్మి ఉంచిన సొత్తు. పాలసీలో విడిగా రాయించకపోతే వాటికి పరిహారం అందదు, చీరల మనిషికి మాత్రం మీరే జవాబు చెప్పాలి. చీర తీసుకున్నప్పుడే ఫోన్లో ఫొటో తీసి, ఆమె చెప్పిన ధరను ఆర్డర్ పుస్తకంలో ఆమె ముందే రాసుకోండి. ఆ పుస్తకం తడవని ఎత్తులో ఉండాలి.

ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గించి చెప్పొద్దు. 40 వేల సరుకును 20 వేలకే బీమా చేసి, అందులో 20 వేల సరుకు పాడైతే, చేతికొచ్చేది 10 వేలే. ఈ పాలసీలో 15 శాతం లోపు తేడాను మాత్రం పట్టించుకోరు. అందుకే సీజన్ మధ్యలో కాక, సరుకు ఎక్కువగా ఉండే దసరా, పెళ్లిళ్ల నెలల విలువను రాయించాలి.